యంత్రం వయసు వేరు, భాగం వయసు వేరు: బ్రేక్‌డౌన్ క్లెయిమ్‌లో తరుగుదల కోతకు జవాబు

మెషినరీ బ్రేక్‌డౌన్ పాలసీ కింద వేసిన క్లెయిమ్‌లో, నష్టాన్ని అంచనా వేసేందుకు బీమా కంపెనీ నియమించిన సర్వేయర్ లెక్క చేతికి వచ్చేసరికి, మరమ్మతు బిల్లులో సగానికి సగం "తరుగుదల" పేరుతో కొట్టివేసి ఉండడం తరచుగా కనిపిస్తుంది. యంత్రం కొని పదేళ్లయింది, ఏడాదికి ఐదు శాతం చొప్పున యాభై శాతం తరిగింది, కాబట్టి కొత్తగా వేసిన భాగాల ధరలో సగమే ఇస్తాం అన్నది ఆ లెక్క వెనుక ఉన్న వాదన. వినడానికి సబబుగా ఉండడంతో చాలామంది యజమానులు దాన్ని ప్రశ్నించరు. ప్రశ్నించినవారు కూడా "కోత ఎక్కువైంది, కాస్త తగ్గించండి" అని బేరమాడే ధోరణిలోనే రాస్తారు. ఇది బేరంతో తేలే విషయం కాదు. పాలసీలోని ఏ నిబంధన కింద, ఏ భాగం మీద, ఏ వయసును ఆధారం చేసుకొని ఆ కోత పడిందన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు ఇన్‌వాయిస్‌లలో, లాగ్‌బుక్‌లో ఉంటుంది.

భారతదేశంలో ఈ పాలసీలు చాలాకాలం టారిఫ్ సలహా సంఘం ఖరారు చేసిన ఒకే పదజాలంతో అమ్ముడయ్యాయి. ఇప్పుడు కంపెనీలు సొంత పదజాలం రాసుకునే వీలున్నా, నష్టపరిహారం లెక్కించే నిబంధన చాలా పాలసీల్లో దాదాపు పాత రూపంలోనే కొనసాగుతోంది. ఆ నిబంధన నష్టాన్ని రెండుగా విడదీస్తుంది. దెబ్బతిన్న యంత్రాన్ని బాగుచేయగలిగితే, దాన్ని మునుపటిలా పనిచేసే స్థితికి తెచ్చేందుకు అవసరమైన ఖర్చును, విప్పడానికి, తిరిగి బిగించడానికి, మామూలు రవాణాకు అయిన ఖర్చుతో సహా కంపెనీ చెల్లించాలి. మార్చిన భాగాల మీద తరుగుదల కోయరాదు; ఆయుష్షు పరిమితంగా ఉండే భాగాలకు మాత్రమే ఈ సూత్రం వర్తించదు. పాత భాగాల తుక్కు విలువను మాత్రం తీసివేస్తారు. ఇక యంత్రం పూర్తిగా నాశనమైతేనో, మరమ్మతు ఖర్చు ప్రమాదానికి ముందు ఆ యంత్రానికి ఉన్న వాస్తవ విలువకు సమానమైతేనో, దాన్ని మించితేనో, కొత్త యంత్రం ధరలోంచి తగిన తరుగుదల తీసివేసి మిగిలిన వాస్తవ విలువను లెక్కగడతారు.

కాబట్టి యంత్రం మొత్తం వయసును బట్టి వేసే తరుగుదల శాతానికి రెండో పద్ధతిలోనే చోటుంది. మొదటి పద్ధతిలో, అంటే మరమ్మతు క్లెయిమ్‌లో, అన్ని భాగాల మీదా ఒకే శాతం కోత వేయడమంటే రెండో పద్ధతి లెక్కను తెచ్చి మొదటి పద్ధతికి అతికించడమే. సర్వేయర్ అలా చేయడానికి ఎప్పుడూ దురుద్దేశమే కారణం కాదు. అగ్నిప్రమాద పాలసీల్లో మార్కెట్ విలువ ప్రాతిపదికన లెక్కించే అలవాటు ఇక్కడికీ పాకడం ఒక కారణం. ఏ భాగం ఎప్పుడు మార్చారో చెప్పే కాగితం ఒక్కటీ ఆయన ముందుకు రాకపోవడం అంతకంటే మామూలు కారణం.

ఒక ఉదాహరణను అంకెలతో సహా చూస్తే ఇది స్పష్టమవుతుంది. గుంటూరు ప్రాంతంలో మిర్చి నిల్వచేసే ఒక కోల్డ్ స్టోరేజీ ఉందనుకుందాం. అందులో ఒకే రకం అమోనియా కంప్రెసర్లు మూడున్నాయి. వాటిలో 2013లో కొన్న నాలుగు సిలిండర్ల కంప్రెసర్ 2023 జూన్‌లో నడుస్తూ నడుస్తూ పెద్ద శబ్దంతో ఆగిపోయింది. విప్పి చూస్తే క్రాంక్‌షాఫ్ట్ విరిగింది, కనెక్టింగ్ రాడ్లు వంగాయి, ఆయిల్ పంపు పగిలింది, లైనర్ల మీద లోతైన గీతలు పడ్డాయి. జీఎస్టీ కాకుండా మరమ్మతు ఖర్చు 6,40,000 రూపాయలైంది. ఇందులో క్రాంక్‌షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్లు, ఆయిల్ పంపు కలిసి 3,20,000. బేరింగులు, పిస్టన్ రింగులు, షాఫ్ట్ సీలు కలిసి 1,10,000. లైనర్లు 70,000. కంప్రెసర్ ఆయిల్, తిరిగి నింపిన అమోనియా 40,000. విప్పడం, బిగించడం, అలైన్‌మెంట్, రవాణా లక్ష రూపాయలు.

సర్వేయర్ ఆయిల్‌నూ అమోనియానూ పూర్తిగా తీసేశారు. కందెన నూనె, ఇంధనం, శీతలీకరణ వాయువు వంటి పదార్థాలను పాలసీయే మినహాయిస్తుంది కాబట్టి దీనిపై వాదించడం వృథా. ఇలాంటి న్యాయమైన కోతను మొదటి వాక్యంలోనే ఒప్పుకుంటే మిగతా అభ్యంతరాలకు బరువు పెరుగుతుంది కూడా. కూలి, రవాణా ఖర్చులను యథాతథంగా ఆమోదించారు. మిగిలిన 5,00,000 విలువైన భాగాలన్నింటి మీదా యాభై శాతం కోసి 2,50,000 తగ్గించారు. తుక్కు కింద 15,000, క్లెయిమ్‌లో యజమానే భరించవలసిన ఎక్సెస్ కింద 20,000 పోగా 3,15,000 ఇవ్వవచ్చని సిఫారసు చేశారు.

దీనికి జవాబు రాసేముందు అంశాలవారీ లెక్కపత్రాన్ని చేతిలోకి తెచ్చుకోవాలి. "తరుగుదల 2,50,000" అన్న ఒక్క గీతకు ఎవరూ జవాబు చెప్పలేరు. ప్రతి భాగానికీ క్లెయిమ్ చేసిన ధర, ఆమోదించిన ధర, వేసిన శాతం, దానికి ఆధారమైన నిబంధన చూపే కాగితాన్ని, సర్వే నివేదిక ప్రతితో పాటు, బీమా కంపెనీ నుంచి రాతపూర్వకంగా అడగాలి. ఆ కాగితం వచ్చాక భాగాలను రెండు కుప్పలుగా విడదీయాలి.

మొదటి కుప్పలో యంత్రం ఉన్నంతకాలం ఉండవలసిన భాగాలు వస్తాయి. క్రాంక్‌షాఫ్ట్‌ను ఎవరూ ఇన్ని గంటలకొకసారి అని మార్చరు. కనెక్టింగ్ రాడ్ల సంగతీ, ఆయిల్ పంపు సంగతీ అంతే. వీటి మీద తరుగుదల సున్నా. ఇక్కడ యంత్రం వయసు పదేళ్లా పదిహేనేళ్లా అన్న చర్చకే తావు లేదు. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే: "యాభై శాతం ఎక్కువ, ముప్ఫై వేయండి" అని రాస్తే, ఈ భాగాల మీద కోత న్యాయమేనని తామే ఒప్పుకున్నట్టవుతుంది.

రెండో కుప్పలో పరిమిత ఆయుష్షు భాగాలు ఉంటాయి. ఏది పరిమితం, ఏది కాదు అన్నది పాలసీ సాధారణంగా నిర్వచించదు. అందుచేత తయారీదారు ఇచ్చిన నిర్వహణ మాన్యువల్‌ను కొలమానంగా తీసుకోవడం మేలు. ఇన్ని గంటలకు తనిఖీ చేసి మార్చాలని మాన్యువల్ పట్టికలో ఉన్న భాగం పరిమిత ఆయుష్షుదని, ఆ పట్టికలో లేని భాగం కాదని వాదించవచ్చు. అర్థం సందిగ్ధంగా ఉన్న చోట పాలసీ పదాలను అవి రాసిన కంపెనీకి వ్యతిరేకంగా చదవాలన్న సూత్రం మన న్యాయస్థానాల్లో స్థిరపడినదే కాబట్టి ఈ వాదన నిలుస్తుంది. అయితే కొన్ని పాలసీలకు అనుబంధంగా మోటారు వైండింగులకో, ఇంజన్ పిస్టన్లకో, లైనర్లకో ఏడాదికింత శాతమని ముందే రాసిపెట్టిన ఎండార్స్‌మెంట్ ఉంటుంది. అది ఉంటే ఆ శాతమే చెల్లుతుంది. పాలసీ షెడ్యూలు వెనుక జతచేసిన కాగితాలను చివరిదాకా చదవకుండా జవాబు రాయకూడదనడానికి ఇదే కారణం.

ఈ రెండో కుప్ప దగ్గర వయసు సాక్ష్యం పనికొస్తుంది. కంప్రెసర్‌కు పదేళ్లు, కానీ ప్రమాదం జరిగిన రోజున అందులో ఉన్న బేరింగులకు పదేళ్లు కావు. ఉదాహరణలోని యజమాని 2022 ఫిబ్రవరిలో, మిర్చి సీజను ముదరకముందే, ఆ కంప్రెసర్‌కు ఓవర్‌హాలింగ్ చేయించి బేరింగులు, రింగులు, సీలు మార్పించారు. ఆ తర్వాత ప్రమాదం దాకా అది దాదాపు 7,000 గంటలు నడిచినట్టు లాగ్‌బుక్‌లో ఉంది. బేరింగులు, రింగులు, సీలు 20,000 గంటలకు మార్చాలని మాన్యువల్ చెబుతుందనుకుంటే, వాటి ఆయుష్షులో ఖర్చయినది ముప్ఫై ఐదు శాతం. 1,10,000 మీద ముప్ఫై ఐదు శాతం అంటే 38,500. లైనర్లను మాత్రం ఆ ఓవర్‌హాలింగ్‌లో మార్చలేదు. అవి 2013 నాటివే. వాటి మీద సర్వేయర్ వేసిన యాభై శాతం, అంటే 35,000, ఒప్పుకోవడమే సబబు. మొత్తం న్యాయమైన తరుగుదల 73,500. సర్వేయర్ కోసిన 2,50,000తో పోలిస్తే తేడా 1,76,500. తుక్కు, ఎక్సెస్ అలాగే ఉంచితే చెల్లించవలసిన మొత్తం 3,15,000 కాదు, 4,91,500.

ఈ లెక్క కాగితం మీద తేలికగానే తేలుతుంది. నిలబడాలంటే మాత్రం ఓవర్‌హాలింగ్ ఇన్‌వాయిస్ ఆ కంప్రెసర్‌దేనని రుజువు కావాలి. ఒకే షెడ్డులో ఒకే రకం యంత్రాలు మూడున్నప్పుడు, "కంప్రెసర్ స్పేర్లు, 1 సెట్" అని మాత్రమే రాసి ఉన్న బిల్లును సర్వేయర్ పక్కన పెట్టేస్తే తప్పుపట్టలేం. ఆ సెట్టు పక్క యంత్రానికి పడి ఉండవచ్చు కదా. బిల్లు మీదో, దానితో వచ్చిన సర్వీసు రిపోర్టు మీదో కంప్రెసర్ సీరియల్ నంబరు ఉండాలి. అదే నంబరు యంత్రానికి బిగించిన రేకు మీద కనిపించేలా తీసిన ఫొటోను పక్కన జతచేయాలి. నంబరు లేకపోతే, ఆ పని చేసిన మెకానిక్ సంస్థ నుంచి ఏ యంత్రానికి, ఏ తేదీల్లో, ఏ పార్టు నంబర్ల భాగాలు వేశారో వివరంగా చెప్పే లేఖను తెప్పించి, డెలివరీ చలానును, చెల్లింపు జరిగినట్టు చూపే బ్యాంకు స్టేట్‌మెంట్ పేజీని దానికి తోడు చేయాలి. ప్రమాదం తర్వాత రాయించిన లేఖకు ఒంటరిగా విలువ తక్కువ. ప్రమాదానికి ముందే పుట్టిన బ్యాంకు ఎంట్రీ, జీఎస్టీ రిటర్నులో కనిపించే కొనుగోలు దానికి వెన్నెముక అవుతాయి.

లాగ్‌బుక్ విలువ ఇంతకంటే ఎక్కువ. కోల్డ్ స్టోరేజీ ఆపరేటర్లు కంప్రెసర్ గదిలో ఒక పొడవాటి పుస్తకం పెట్టుకొని నిర్ణీత వేళల్లో సక్షన్ ప్రెషరు, డిశ్చార్జి ప్రెషరు, ఆయిల్ ప్రెషరు, గది ఉష్ణోగ్రత రాస్తారు. నూనె మరకలతో, మూడు రకాల చేతిరాతలతో ఉండే ఆ పుస్తకం నుంచి తీసిన టైపు పట్టిక కంటే ఆ పుస్తకమే సర్వేయర్‌ను ఎక్కువ నమ్మిస్తుంది. నడిచిన గంటలు దాని నుంచే వస్తాయి. ఓవర్‌హాలింగ్ జరిగిన వారంలో ఆ యంత్రం గడులు ఖాళీగా ఉండి, పక్క రెండు యంత్రాల గడులు నిండి ఉంటే, స్పేర్లు ఏ కంప్రెసర్‌కు పడ్డాయన్న ప్రశ్నకు అదే సాక్ష్యం. అంతేకాదు, ప్రమాదం రోజు ఉదయం దాకా ఆయిల్ ప్రెషరు నిలకడగా ఉండి ఒక్కసారిగా పడిపోయినట్టు అందులో ఉంటే, ఇది క్రమంగా అరిగిపోయిన కేసు కాదు, హఠాత్తుగా జరిగిన నష్టమేనని కూడా తేలుతుంది. అరుగుదలను పాలసీ పూర్తిగా మినహాయిస్తుంది కాబట్టి ఈ రెండో సంగతి చిన్నది కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. గంటల సాక్ష్యం రెండు వైపులా పదునున్న కత్తి. బేరింగులు 7,000 గంటల బదులు 19,000 గంటలు నడిచి ఉంటే, అదే లాగ్‌బుక్, అదే మాన్యువల్ తొంభై ఐదు శాతం కోతకు ఆధారమవుతాయి. మార్చవలసిన గడువు దాటిపోయి ఉంటే నిర్వహణ లోపం వల్లనే ప్రమాదం జరిగిందని మొత్తం క్లెయిమ్‌నే అడ్డుకునే వాదనా పుట్టుకొస్తుంది. అలాంటప్పుడు గంటల లెక్కను ముందుకు తోయకుండా మొదటి కుప్ప మీదనే దృష్టి పెట్టడం తెలివైన పని. పుస్తకాన్ని దిద్దడం, కొత్త పుస్తకం రాయించడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. మోసపూరిత క్లెయిమ్ అని తేలితే పాలసీ ప్రయోజనమంతా పోతుంది. న్యాయంగా రావలసిన క్రాంక్‌షాఫ్ట్ డబ్బు కూడా దానితోపాటే పోతుంది.

ఇలా జవాబు అందాక సర్వేయర్, లేదా కంపెనీ, ఇంకో దారి పట్టవచ్చు. "మరమ్మతు పద్ధతి సరే, కానీ మరమ్మతు ఖర్చు యంత్రం వాస్తవ విలువను మించింది కాబట్టి ఇది పూర్తి నష్టం కిందికి వస్తుంది" అనడం ఆ దారి. ఈ చోట మాత్రం యంత్రం మొత్తం వయసు నిజంగా నిర్ణయాత్మకమవుతుంది. అదే సామర్థ్యం గల కొత్త కంప్రెసర్‌ను ఇప్పుడు తెచ్చి నిలబెట్టడానికి 18,00,000 అవుతుందనుకుందాం. పదేళ్లకు యాభై శాతం తరుగుదల తీస్తే వాస్తవ విలువ 9,00,000. మినహాయించిన ఆయిల్, అమోనియా పోగా మరమ్మతు ఖర్చు 6,00,000 మాత్రమే. కాబట్టి ఇది మరమ్మతు క్లెయిమే. అయితే కోల్డ్ స్టోరేజీ 2009లో మొదలైంది కనుక కంప్రెసర్ కూడా 2009దేనని సర్వేయర్ అనుకుంటే, పద్నాలుగేళ్లకు డెబ్బై శాతం తరుగుదల, వాస్తవ విలువ 5,40,000. మరమ్మతు ఖర్చు దాన్ని దాటింది. యంత్రం వయసులో నాలుగేళ్ల తేడా మొత్తం లెక్కను ఒక నిబంధన నుంచి మరో నిబంధనకు మార్చేసింది. పూర్తి నష్టం లెక్కలో విరగని క్రాంక్‌కేసు, మోటారు కూడా తుక్కు విలువగా లెక్కలోంచి పోతాయి కాబట్టి, చేతికి వచ్చే మొత్తం ఇంకా తగ్గవచ్చు.

అందుకే అసలు కొనుగోలు ఇన్‌వాయిస్, యంత్రాన్ని నిలబెట్టి నడిపిన రోజు ఇచ్చిన కమిషనింగ్ పత్రం జవాబుకు జతకావాలి. 2013 నాటి బిల్లు జీఎస్టీకి ముందుది. దాని మీద అప్పటి వ్యాట్ నమోదు నంబరు ఉంటుంది, ఇప్పటి బిల్లులా కనిపించడం లేదని ఎవరూ కంగారు పడనక్కరలేదు. బిల్లు దొరకకపోతే, ఆడిటర్ ధ్రువీకరించిన స్థిరాస్తుల రిజిస్టరులో ఆ ఏడాది చేర్పు, యంత్రం కొనడానికి బ్యాంకు టర్మ్ లోను ఇచ్చి ఉంటే దాని మంజూరు పత్రం, తయారీ సంవత్సరం రాసి ఉన్న పాత బీమా షెడ్యూళ్లు పనికొస్తాయి. సీరియల్ నంబరు చెప్పి తయారీ సంవత్సరాన్ని ధ్రువీకరించమని తయారీదారునే అడగవచ్చు కూడా.

స్థిరాస్తుల రిజిస్టరు ఇచ్చేటప్పుడు ఒక జాగ్రత్త. అందులో ఆదాయపు పన్ను కోసం ఏటా పదిహేను శాతం చొప్పున తగ్గించుకుంటూ వచ్చిన పుస్తక విలువ ఉంటుంది. పదేళ్లకు అది కొనుగోలు ధరలో ఐదో వంతు దగ్గరికి దిగిపోతుంది. కొందరు సర్వేయర్లు ఆ అంకెనే వాస్తవ విలువగా తీసుకుంటారు. అది పన్ను లెక్క. యంత్రం ఎంత అరిగింది, ఇంకెన్నాళ్లు పనిచేస్తుంది అన్నదానితో దానికి సంబంధం లేదు. పైగా పాలసీ నిబంధన ఇప్పటి కొత్త యంత్రం ధరతో మొదలుపెట్టి తరుగుదల తీయమంటుంది గానీ, పాత కొనుగోలు ధరతో మొదలుపెట్టమనదు. రిజిస్టరును కొనుగోలు సంవత్సరానికి మాత్రమే సాక్ష్యంగా ఇస్తున్నట్టు లేఖలోనే స్పష్టంగా రాయాలి.

పాత ఇన్‌వాయిస్‌లో ఇంకో ప్రమాదమూ దాగి ఉంది. ఈ పాలసీలో బీమా మొత్తం ఎప్పుడూ కొత్త యంత్రం ఇప్పటి ధరకు సమానంగా ఉండాలి. 2013లో 11,00,000 పెట్టి కొని, అదే అంకెకు బీమా చేస్తూ వచ్చి ఉంటే, 18,00,000కు గాను 11,00,000కే బీమా ఉన్నట్టు. అప్పుడు నష్టంలో దాదాపు అరవై ఒక్క శాతమే వస్తుంది, తరుగుదల విషయంలో గెలిచినా సరే. ఆ పరిస్థితిలో ఉన్నవారు తరుగుదల మీద పోరాడే ముందు ఈ లెక్క వేసుకోవాలి. బీమా మొత్తం సరిగ్గా ఉన్నవారు దాన్ని లేఖలో ముందే చెప్పేస్తే ఆ తలుపు మూసుకుంటుంది.

మరమ్మతు ఇన్‌వాయిస్‌ల విషయంలో చెప్పవలసింది కొద్దిగానే ఉంది. కొటేషనూ ప్రొఫార్మా బిల్లూ చాలవు. మరమ్మతు జరిగిందని చూపే తుది బిల్లులు ఉంటేనే కంపెనీ చెల్లిస్తుంది. భాగాల పేర్లు సర్వేయర్ తనిఖీ రోజున రాసుకున్న జాబితాతో పోలాలి. పాత నమూనా క్రాంక్‌షాఫ్ట్ దొరక్క మెరుగైనది వేస్తే, ఆ మెరుగుదల విలువను కోసే హక్కు కంపెనీకి ఉంది, అయితే అది తరుగుదల కాదు. రెండూ ఒకే భాగం మీద పడకుండా చూసుకోవాలి. జీఎస్టీని క్లెయిమ్ చేస్తే, ఆ పన్నుపై ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోలేదని చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువపత్రం జతచేయాలి.

జవాబు లేఖను బీమా కంపెనీ పేరిట రాసి, సర్వేయర్‌కు ప్రతి పంపాలి, ఎందుకంటే సర్వేయర్ సిఫారసు చేస్తారు, నిర్ణయం కంపెనీది. సర్వేయర్ నివేదికే ఆఖరి మాట కాదని, సరైన కారణం ఉంటే దాన్ని దాటి వెళ్లవచ్చని ప్రదీప్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2009లో స్పష్టం చేసింది. అదే ఏడాది శ్రీ వేంకటేశ్వర సిండికేట్ కేసులో, నచ్చిన నివేదిక వచ్చేదాకా సర్వేయర్లను మార్చుకుంటూ పోవడం కంపెనీకి తగదని కూడా చెప్పింది. లేఖలో ఆవేశం అక్కరలేదు. పాలసీ నిబంధన మాటలను ఉన్నవున్నట్టు ఎత్తిరాసి, ఒక్కో భాగానికి ఒక వరుస చొప్పున సర్వేయర్ శాతం, న్యాయమైన శాతం, ఆధారమైన అనుబంధం నంబరు చూపే పట్టిక వేసి, కింద సవరించిన మొత్తాన్ని రాస్తే చాలు. లైనర్ల వరుసలో "సర్వేయర్ లెక్కను అంగీకరిస్తున్నాం" అన్న మాట కనబడాలి.

ఈలోగా కంపెనీ 3,15,000కు డిశ్చార్జి వోచర్ పంపి సంతకం అడగవచ్చు. పూర్తి, తుది పరిష్కారంగా అందుకున్నట్టు దాని మీద ఉంటుంది. మోసం, ఒత్తిడి, తప్పుదారి పట్టించడం వంటివి రుజువైతే ఆ సంతకం అడ్డు కాదని అజ్మీర్ సింగ్ కాటన్ కేసులో 1999లోనే సుప్రీంకోర్టు అన్నది. అయితే ఒత్తిడి ఉందని తర్వాత రుజువు చేయడం కష్టం. కాబట్టి వివాదం లేని మొత్తాన్ని మిగతా హక్కులకు భంగం లేకుండా స్వీకరిస్తున్నామని అదే రోజు ఈమెయిల్‌లో రాసి, వోచర్ మీద కూడా ఆ మాట చేర్చాలి. కంపెనీ మారు పలకకపోతే దాని ఫిర్యాదుల అధికారికి, ఆపైన బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌కు వెళ్లవచ్చు. వ్యక్తులు, సొంత యాజమాన్య సంస్థలు, సూక్ష్మ సంస్థలు ఏడాదిలోగా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. పెద్ద సంస్థలకు వినియోగదారుల కమిషన్ ఉంది. నష్టభర్తీ కోసం తీసుకున్న పాలసీని వ్యాపార ప్రయోజనమన్న కారణంతో తోసిపుచ్చలేమని హర్సోలియా మోటార్స్ కేసులో 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. అక్కడ గడువు వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లు.

ఈ దారుల్లో దేనికి వెళ్లినా విరిగిన క్రాంక్‌షాఫ్ట్, పాత బేరింగులు, గీతలు పడ్డ లైనర్లు అప్పటికి స్టోర్‌రూములో ఉండాలి. తుక్కు లెక్క కట్టారు కదా అని వాటిని వెంటనే అమ్మేస్తే, బేరింగు వెనుక ముద్రించిన పార్టు నంబరు 2022 ఇన్‌వాయిస్‌లోని నంబరేనని చూపించే అవకాశం వాటితోపాటే వెళ్లిపోతుంది. వాటికి చీటీలు కట్టి, తేదీ వేసి, కంపెనీ రాతపూర్వకంగా వదిలేదాకా తాళం వేసి ఉంచాలి.